జర్మన్‌లో ఇరుక్కున్న పోర్టల్: ఒక ఉత్తరం, మేమిచ్చిన రెండు తప్పు జవాబులు

హైదరాబాద్‌లో ఒక యూనివర్సిటీ ఐటీ డెస్క్‌లో పనిచేస్తున్నాను. మా స్టూడెంట్ పోర్టల్ మూడిల్ అనే కోర్సుల సాఫ్ట్‌వేర్ మీద నడుస్తుంది. నవంబరులో, ఇక్కడి నుంచి జర్మనీ వెళ్ళిన ఒక ఎక్స్‌చేంజ్ విద్యార్థిని విషయంలో జరిగింది రాస్తున్నాను. సమస్య చిన్నదే. పోర్టల్ ఇంగ్లీషులో కనిపించాల్సింది జర్మన్‌లో కనిపిస్తోంది. దాన్ని సరిచేయడానికి మాకు నాలుగు రోజులు పట్టింది, అందులో రెండు రోజులు మా తప్పుల వల్లే పోయాయి.

మంగళవారం, 18వ తారీఖున మొదటి మెయిల్ వచ్చింది. ఇంగ్లీషులో రెండే లైన్లు: నా పోర్టల్ వేరే భాషలో ఇరుక్కుపోయింది, దయచేసి రీసెట్ చేయండి. కింద రోల్ నంబరు. మా డెస్క్‌కి రోజూ వచ్చే మెయిళ్ళలో సగానికి పైగా పాస్‌వర్డ్ రీసెట్లే. కొత్తగా చేరిన మా కుర్రాడు ‘రీసెట్’ అన్న మాట చూశాడు, మిగతాది చదవలేదు. బుధవారం మధ్యాహ్నం పాస్‌వర్డ్ రీసెట్ చేసి టికెట్ మూసేశాడు.

రీసెట్ చేస్తే ఓటీపీ రిజిస్టర్ అయిన ఇండియా నంబరుకి వెళ్తుంది. ఆ అమ్మాయి జర్మనీ వెళ్ళి అక్కడి సిమ్ వేసుకుంది, పాత సిమ్ హనుమకొండలో వాళ్ళ నాన్న దగ్గర ఉంది. పాపం ఆయనకి ఫోన్ చేసి, ఆయన కళ్ళజోడు వెతుక్కుని అంకెలు చదివితే, పది నిమిషాల గడువు దాటకుండా మూడో ప్రయత్నంలో లోపలికి వెళ్ళింది. ఓటీపీ ఎవరికీ చెప్పవద్దని మా గోడ మీద మేమే పోస్టర్ అంటించాం, అది వేరే సంగతి. ఇంత చేసి లోపలికి వెళ్తే పోర్టల్ ఇంకా జర్మన్‌లోనే ఉంది.

ఆ రాత్రి ఆమె రాసిన రెండో ఉత్తరం తెలుగులో వచ్చింది. అక్కడ బుధవారం రాత్రి పదకొండు, అంటే మనకి గురువారం తెల్లవారుజాము మూడున్నర. రోల్ నంబరు, కోర్సు పేరు తీసేసి, ఉన్నది ఉన్నట్టు ఇస్తున్నాను.

“సర్, నమస్తే. నిన్న ఇంగ్లీషులో రాసినందుకు పాస్‌వర్డ్ రీసెట్ చేశారు. నాకు కావాల్సింది అది కాదు. మన పోర్టల్ నాకు జర్మన్‌లో వస్తోంది. మెనూలన్నీ జర్మన్, కోర్సుల పేర్లు మాత్రం ఇంగ్లీషులోనే ఉన్నాయి. భాష ఇంగ్లీషుకి మారిస్తే మారుతుంది, కానీ లాగౌట్ చేసి మళ్ళీ లాగిన్ అయితే జర్మనే. ఫోన్‌లోనూ అంతే, హాస్టల్ లాప్‌టాప్‌లోనూ అంతే. అదే లాప్‌టాప్‌లో మన సీనియర్ అక్క ఒకరు తన అకౌంట్ తెరిస్తే ఇంగ్లీషులోనే వచ్చింది. మార్కులు కూడా తప్పుగా కనిపిస్తున్నాయి, ఇంటర్నల్‌లో 8,25 అని ఉంది. ఆదివారం లోపు ప్రాజెక్టు రిపోర్టు అప్‌లోడ్ చేయాలి. ఏ బటన్ నొక్కితే ఏం సబ్మిట్ అవుతుందోనని చాలా టెన్షన్‌గా ఉంది. క్లాసు పిల్లల ముందు అడగలేక మీకే రాస్తున్నాను. స్క్రీన్‌షాట్ పెట్టాను.”

గురువారం పొద్దున టీ తాగుతూ ఇది చదివాను. మా పని తెలిసినవాళ్ళకి ఇందులో కావాల్సినవన్నీ ఉన్నాయి. అవి అప్పుడే సరిగ్గా చదివి ఉంటే ఈ కేసు ఆ సాయంత్రానికి అయిపోయేది.

ముందు స్క్రీన్‌షాట్ సంగతి. పోర్టల్ వేరే భాషలో కనిపిస్తోందని ఎవరైనా అంటే నేను మొదట చూసేది, భాషని మార్చింది పోర్టలా, బ్రౌజరా అని. క్రోమ్ లాంటి బ్రౌజర్లు పేజీ మొత్తాన్ని అనువదించేస్తాయి. అప్పుడు మెనూలతో పాటు కోర్సు పేర్లు, టీచర్ రాసిన సూచనలు, ఒక్కోసారి మనిషి పేరు కూడా మారిపోతాయి. పోర్టల్ తనే మారితే అలా ఉండదు. మూడిల్ దగ్గర అనువాదం ఉన్నది దాని సొంత మాటలకే, అంటే మెనూలు, బటన్లు, తారీఖులకి. టీచర్ టైపు చేసినది టైపు చేసినట్టే ఉంటుంది. ఆమె స్క్రీన్‌షాట్‌లో ఎడమవైపు `Meine Kurse` అని ఉంది, దాని కింద కోర్సుల పేర్లు శుభ్రంగా ఇంగ్లీషులో ఉన్నాయి. కాబట్టి బ్రౌజర్ తప్పు కాదు. ఉత్తరంలో ఆమె ఈ మాట స్పష్టంగానే రాసింది.

మార్కుల విషయం కూడా అక్కడే తేలిపోయింది. జర్మన్‌లో దశాంశానికి చుక్క పెట్టరు, కామా పెడతారు. మూడిల్ భాషా ప్యాక్‌లో ఆ గుర్తు కూడా ఉంటుంది కాబట్టి, భాష మారగానే 8.25 కాస్తా 8,25 అవుతుంది. డేటాబేస్‌లో మార్కు మారలేదు. కామాని వేలకీ లక్షలకీ వాడే మన కంటికి అది తప్పుగా కనిపించడం సహజం.

ఇక ఒకటి తేల్చాలి. జర్మనీలో ఉంది కాబట్టి జర్మన్ వస్తోందా? మా కుర్రాడు అదే అన్నాడు: “అక్కడి ఐపీ కదా సార్, అందుకే అలా వస్తుంది.” మూడిల్ భాషని నిర్ణయించేటప్పుడు ఐపీ అడ్రస్ చూడదు. బ్రౌజర్ పంపే భాషల జాబితా చూడగలదు, కానీ అది లాగిన్ కాకముందు కనిపించే పేజీలకి. లాగిన్ అయ్యాక అది చూసే వరుస స్థూలంగా ఇలా ఉంటుంది. ఆ కోర్సుకి టీచర్ భాషని బలవంతంగా పెట్టి ఉంటే ముందు అది. లేకపోతే ఈ సెషన్‌లో పై మెనూ నుంచి ఎంచుకున్న భాష. అదీ లేకపోతే యూజర్ ప్రొఫైల్‌లో దాచి ఉన్న భాష. చివరికి సైటు మొత్తానికి పెట్టిన భాష. కోర్సు భాష అయితే ఆ కోర్సు పేజీల్లోనే మారాలి, ఈమెకి అన్ని పేజీల్లోనూ మారింది. కొత్తగా లాగిన్ అవగానే వస్తోంది కాబట్టి సెషన్ కూడా కాదు. మిగిలింది ప్రొఫైల్. సీనియర్ అక్క అదే లాప్‌టాప్‌లో తెరిస్తే ఇంగ్లీషు వచ్చిందన్న వాక్యం ఒక్కటే చాలు, ఇది ఊరికో మెషీన్‌కో అంటుకున్న జబ్బు కాదు, అకౌంట్‌కి అంటుకున్నది అని చెప్పడానికి.

అడ్మిన్‌గా ఆమె ప్రొఫైల్ తెరిచాను. భాష దగ్గర `Deutsch (de)` అని ఉంది. దొరికిపోయింది అనుకున్నాను. `English (en)` పెట్టి సేవ్ చేశాను. సరిపోయిందో లేదో చూద్దామని `Log in as` నొక్కి ఆమె అకౌంట్‌లోకి వెళ్ళి చూశాను. అంతా ఇంగ్లీషులోనే ఉంది. సరిచేశాం, ఒకసారి చూసుకోమ్మా అని రాసి టికెట్ మూసేశాను. ఇది రెండో తప్పు జవాబు, ఇచ్చింది నేనే.

ఆ సాయంత్రమే జవాబు వచ్చింది, ఒక్క లైను. “సర్, మళ్ళీ జర్మనే.”

నేను చేసిన పరీక్షలో లోపం ఉంది. `Log in as` అంటే అడ్మిన్ నేరుగా ఆ యూజర్ సెషన్‌లోకి దూరడం. అక్కడ పాస్‌వర్డ్ అడగదు, కాబట్టి పాస్‌వర్డ్ సరిచూసే మెట్టు, దానితో పాటు జరిగే పనులు ఏవీ జరగవు. మా దగ్గర పాస్‌వర్డ్‌లు మూడిల్‌లో ఉండవు, యూనివర్సిటీలో అందరి అకౌంట్ల వివరాలూ ఒకేచోట ఉంచే ఎల్‌డాప్ డైరెక్టరీలో ఉంటాయి. విద్యార్థి నిజంగా లాగిన్ అయినప్పుడు మూడిల్ ఆ డైరెక్టరీని అడుగుతుంది, అడిగినప్పుడే పేరు, ఫోన్ లాంటి వివరాలు కూడా తెచ్చి తన ప్రొఫైల్‌లో రాసుకోగలదు. నేను చూసింది వెనక తలుపు నుంచి, ఆమె వచ్చేది ముందు తలుపు నుంచి.

నిజానికి ఆమె ఉత్తరంలోని “మళ్ళీ లాగిన్ అయితే” అన్న మాటే ఇది చెప్పింది. కానీ ఆ మాటని నమ్మే ముందు ఒకటి అడగాలి, నేను మొదట్లోనే అడగలేదు: ఎక్కడ మార్చావు? పై మెనూలో భాష మారిస్తే అది ఆ సెషన్ వరకే. లాగౌట్ అయితే పోవడం మామూలే, అందులో జబ్బేమీ లేదు. సెట్టింగ్స్‌లోకి వెళ్ళి మార్చినా పోతుంటేనే అసలు సమస్య. రెండూ బయటికి ఒకేలా కనిపిస్తాయి. శుక్రవారం పొద్దున ఈ ప్రశ్న పంపాను. శీతాకాలంలో జర్మనీ మనకన్నా నాలుగున్నర గంటలు వెనక ఉంటుంది, మా డెస్క్ తెరిచే పది గంటలకి అక్కడ ఐదున్నర. జవాబు మధ్యాహ్నం వచ్చింది, అడ్రస్ బార్‌లో ఉన్నది కాపీ చేసి పంపింది. చివర్న `/user/language.php` ఉంది. అంటే సెట్టింగ్స్ పేజీలోనే మార్చింది. ఇక అనుమానం లేదు. ఆమె మార్చినదాన్ని ఏదో తిరగరాస్తోంది.

లాగ్‌లో ఆమె యూజర్ ఎంట్రీలు చూశాను. ప్రతి లాగిన్ పక్కనే ప్రొఫైల్ మారినట్టు ఒక ఎంట్రీ ఉంది, ఒకే నిమిషంలో. అంత తొందరగా మనిషి మార్చలేడు. డైరెక్టరీని అడిగాను, రోల్ నంబరు ఇక్కడ మార్చి ఇస్తున్నాను:

```
ldapsearch -x -D "$ADMIN" -W -b "$BASE" "(uid=ROLLNO)" preferredLanguage
```

జవాబు `preferredLanguage: de`. ఆ అమ్మాయికి తనకి ఇష్టమైన భాష ఏదో డైరెక్టరీలో రాసుకునే అవకాశమే లేదు. మరి ఎవరు రాశారు?

విదేశీ విభాగం వాళ్ళు ఎక్స్‌చేంజ్‌కి వెళ్ళేవాళ్ళ వివరాలు ఒక ఎక్సెల్ షీట్‌లో పంపుతారు, ఒక స్క్రిప్ట్ దాన్ని డైరెక్టరీలోకి ఎక్కిస్తుంది. ఆ షీట్‌లో `Language` అని ఒక కాలమ్ ఉంది. వాళ్ళ ఉద్దేశం, వెళ్ళే దేశంలో ఏ భాష నడుస్తుంది అని, వీసా కాగితాలకి, భాషా క్లాసులకి పనికొస్తుందని. స్క్రిప్ట్ మాత్రం ఆ కాలమ్‌ని విద్యార్థికి ఇష్టమైన భాషగా తీసుకుంది. వాళ్ళు షీట్‌లో అబద్ధం రాయలేదు, మేము స్క్రిప్ట్‌లో తప్పు లెక్క వేయలేదు, రెండూ కలిసేసరికి మాత్రం తప్పయింది.

ఇక మూడిల్ వైపు తప్పు పూర్తిగా నాదే. ఎల్‌డాప్ సెట్టింగ్స్‌లో ఒక్కో వివరానికీ దాన్ని ఎప్పుడు తెచ్చుకోవాలో చెప్పాలి: `On creation` అంటే అకౌంట్ పుట్టినప్పుడు ఒక్కసారి, `On every login` అంటే లాగిన్ అయిన ప్రతిసారీ. పేర్లు, ఫోన్ నంబర్లు మారుతుంటాయి కాబట్టి అన్నిటికీ `On every login` పెట్టాను, కొన్నేళ్ళ కింద. వరుసలో భాష కూడా ఉంది, దానికీ అదే పెట్టి ముందుకు వెళ్ళిపోయాను. పేరు ఆఫీసు చెప్పాలి, భాష మనిషి చెప్పాలి. రెండింటికీ ఒకే నియమం పెట్టకూడదని అప్పుడు తట్టలేదు.

మరి ఇన్నేళ్ళూ ఎందుకు బయటపడలేదు? ఇది నన్ను చాలాసేపు తిప్పింది. పాత బ్యాచ్‌ల వాళ్ళ ఎంట్రీల్లోనూ `de` ఉంది, ఫ్రాన్స్ వెళ్ళినవాళ్ళకి `fr` ఉంది. ఎవరూ ఫిర్యాదు చేయలేదు. కారణం భాషా ప్యాక్. ఏ భాషలో చూపించాలన్నా ఆ భాష ప్యాక్ మూడిల్‌లో ముందు ఇన్‌స్టాల్ అయి ఉండాలి. లేకపోతే ప్రొఫైల్‌కి ఏం చెప్పినా తెర మీద వచ్చేది ఇంగ్లీషే. ఆగస్టులో జర్మన్ సర్టిఫికెట్ కోర్సు మొదలైతే, ఆ టీచర్లు అడిగారని జర్మన్ ప్యాక్ వేశాం. ఫ్రెంచ్ ప్యాక్ వేయలేదు. అందుకే ఈ ఏడాది ఫ్రాన్స్ వెళ్ళిన పిల్లలకి ఇప్పటికీ ఇంగ్లీషే వస్తోంది, జర్మనీ వాళ్ళకి జర్మన్ వచ్చింది. తప్పు ఎన్నేళ్ళ నుంచో అక్కడే పడి ఉంది, ఆగస్టులో మేమే దాన్ని నిద్రలేపాం.

అయితే ఈమె ఒక్కతే కాకూడదు. లెక్క చూశాను.

```sql
SELECT lang, COUNT(*) FROM mdl_user
WHERE deleted = 0 GROUP BY lang;
```

`de` కింద తొమ్మిది మంది వచ్చారు. ఏడుగురు ఎక్స్‌చేంజ్ పిల్లలు. మిగతా ఇద్దరు జర్మన్ కోర్సు టీచర్లు, వాళ్ళు కావాలనే పెట్టుకున్నారు. వీళ్ళని చూడకుండా `de` ఉన్నవాళ్ళందర్నీ ఒక్క దెబ్బకి `en` చేసేస్తే, సోమవారం వాళ్ళ దగ్గర నుంచి ఇంకో ఉత్తరం వచ్చేది. ఏడుగురిలో మిగతా ఆరుగురు ఎందుకు రాయలేదని ఆరా తీశాను. ఒకడు క్రోమ్‌లో ఇంగ్లీషుకి అనువాదం పెట్టుకుని నెట్టుకొస్తున్నాడట, అంటే ఇంగ్లీషు పోర్టల్‌ని జర్మన్ నుంచి మళ్ళీ ఇంగ్లీషులోకి తర్జుమా చేసుకుని చదువుతున్నాడు. ఇంకో అమ్మాయి, ఇక్కడి జర్మనీ యూనివర్సిటీ వాళ్ళే అలా పెట్టారనుకున్నాను సర్, భాష వస్తుంది కదా అని ఊరుకున్నాను, అంది.

సరిచేసేటప్పుడు వరుస ముఖ్యం. ముందు ప్రొఫైల్ మారిస్తే తర్వాతి లాగిన్ దాన్ని మళ్ళీ పాడుచేస్తుంది, గురువారం నాకు జరిగింది అదే. అందుకని మొదట మూడిల్‌లో భాషని `On creation`కి మార్చాను. తర్వాత స్క్రిప్ట్‌లో ఆ కాలమ్‌ని తీసేసి, ఏడుగురి డైరెక్టరీ ఎంట్రీల్లోంచి `preferredLanguage` తొలగించాను. చివర్లో ఏడుగురి ప్రొఫైళ్ళనీ ఒక్కొక్కటిగా ఇంగ్లీషుకి మార్చాను. ఏడే కాబట్టి చేత్తోనే చేశాను, స్క్రిప్ట్ రాసే పని పెట్టుకోలేదు. ఈసారి `Log in as`తో సరిపెట్టుకోలేదు. పరీక్షల కోసం డైరెక్టరీలో ఉంచిన ఉత్తుత్తి అకౌంట్‌కి `de` పెట్టి, పాస్‌వర్డ్ కొట్టి ముందు తలుపు నుంచి లాగిన్ అయి, ఇంగ్లీషుకి మార్చి, లాగౌట్ అయి, మళ్ళీ లాగిన్ అయ్యాను. ఇంగ్లీషే నిలిచింది. రెండుసార్లు చూశాను.

శుక్రవారం సాయంత్రం ఆమెకి రాసింది ఇది.

“అమ్మా, నీ తప్పు ఏమీ లేదు. నువ్వు జర్మనీలో ఉన్నందుకు కాదు, మా రికార్డులో నీ భాష జర్మన్ అని తప్పుగా ఎక్కినందుకు ఇలా జరిగింది. నువ్వు మార్చినప్పుడల్లా ఆ రికార్డు దాన్ని తిరగరాసేది. ఇప్పుడు తీసేశాం. ఒకసారి పూర్తిగా లాగౌట్ చేసి, లాగిన్ అయి చూడు. అది ఇంగ్లీషులో వస్తే ఇంకోసారి కూడా చేసి చూడు, రెండోసారి కూడా నిలిస్తేనే సరిపోయినట్టు. మార్కులేమీ మారలేదు, 8,25 అంటే 8.25, జర్మన్ పద్ధతిలో కామా. పాస్‌వర్డ్ అనవసరంగా రీసెట్ చేసినందుకు క్షమించు. నీ జర్మనీ నంబరు మాకు పంపితే ఓటీపీ దానికి వచ్చేలా మారుస్తాం, కానీ అది యూనివర్సిటీ మెయిల్ నుంచే పంపాలి. ఇంకొక మాట, ఇది భాష కన్నా ముఖ్యం. ఆదివారం గడువు 23:59 అని కనిపిస్తోంది కదా, అది మన టైము. నీ ప్రొఫైల్‌లో టైమ్‌జోన్ ఇంకా `Asia/Kolkata` ఉంది. అక్కడి గడియారం ప్రకారం నీకు రాత్రి 7:29 వరకే ఉంది.”

చివరి మాట ఆమె అడగలేదు. ప్రొఫైల్ చూస్తున్నప్పుడు టైమ్‌జోన్ గడి కళ్ళబడింది. మూడిల్‌లో భాష, టైమ్‌జోన్ రెండు వేరు వేరు గడులు, ఒకటి మారితే రెండోది మారదు. తెర మొత్తం జర్మన్‌లో ఉండి, తారీఖు జర్మన్ పద్ధతిలో `Sonntag, 23. November` అని కనిపిస్తుంటే, దాని పక్కనున్న 23:59 కూడా జర్మనీదే అని ఎవరైనా అనుకుంటారు. ఆమె అలాగే అనుకుందట. రాత్రి భోజనం చేసి పదింటికి తీరిగ్గా అప్‌లోడ్ చేద్దామని పెట్టుకుంది. టైమ్‌జోన్ నేను మార్చలేదు. కొంతమందికి ఇంటి టైము ఉండటమే సుఖం, అది వాళ్ళ ఇష్టం.

శనివారం జవాబు వచ్చింది. రెండుసార్లు లాగిన్ అయింది, రెండుసార్లూ ఇంగ్లీషే. ఆదివారం లాగ్ చూస్తే ఆమె రిపోర్టు మన టైము 23:40కి ఎక్కింది, అక్కడ 7:10.

డెస్క్‌లో ఒకటి మార్చాం. టికెట్ ఫారంలో ‘రీసెట్’ అని ఎవరు రాసినా, ఏది రీసెట్ చేయాలి అని అడిగే గడి పెట్టాం, పాస్‌వర్డ్ అని వాళ్ళే ఎంచుకుంటే తప్ప మేము పాస్‌వర్డ్ ముట్టుకోం. డెస్క్‌కి తెలుగులో రాయవచ్చని కూడా అక్కడే రాశాం. విదేశీ విభాగం షీట్‌లో ఆ కాలమ్ పేరు ఇంకా `Language`నే. మార్చమని రెండుసార్లు చెప్పాను, వచ్చే సెమిస్టర్‌కి చూద్దాం అన్నారు.